ప్రాంప్ట్ వెర్షన్లు పోల్చడానికి గోల్డ్ సెట్ ఎలా కట్టుకోవాలి?

"అమ్మే వస్తువులకి AI మోడల్‌తో డిస్క్రిప్షన్లు రాయిస్తున్నాం. ప్రాంప్ట్ మార్చిన ప్రతిసారీ అవి బాగున్నట్టే ఉంటాయి, నిజంగా మెరుగయ్యాయో లేదో తేలట్లేదు. పోల్చి చూసుకోవడానికి నమూనాగా, మంచి లిస్టింగులతో చిన్న గోల్డ్ సెట్ పెట్టుకుందామనుకుంటున్నా. ఎన్ని కావాలి, ఎలా ఎంచుకోవాలి?"

30, 40 చాలు. అసలు చిక్కు సంఖ్యలో లేదు, ఒక్కో లిస్టింగులో ఏం పెడతామన్నదాంట్లో ఉంది. నేను మొదట్లో బాగా అమ్ముడైన వస్తువుల డిస్క్రిప్షన్లు ఏరి అవే గోల్డ్ అనుకున్నాను. అందులో ఒకటి స్టీలు నీళ్ల సీసా. మోడల్‌కి మేం ఇచ్చే వివరాలు మూడే: 750 మి.లీ., స్టీలు, మర మూత. గోల్డ్‌లో మాత్రం "12 గంటలు వేడి తగ్గదు" అని ఉంది, ఎందుకంటే రాసినావిడ సీసా వచ్చిన అట్టపెట్టె చూసి రాసింది. దాంతో ఉన్న మూడు వివరాలతో శుభ్రంగా రాసిన ప్రాంప్ట్ ఓడిపోయి, గంటల లెక్క సొంతంగా కల్పించింది గెలిచింది. కల్పనకి మేమే మార్కులు వేశామన్నమాట!

అప్పట్నుంచి గోల్డ్‌లోని ప్రతి వాక్యం పక్కన అది ఏ ఇన్‌పుట్ వివరం నుంచి వచ్చిందో రాస్తాను. దేన్నుంచీ రాకపోతే ఆ వివరం ఇన్‌పుట్‌లో చేరుస్తాను, లేదా వాక్యం కొట్టేస్తాను. దాంతోపాటు ప్రతి లిస్టింగుకీ రెండు చిన్న జాబితాలు: తప్పక చెప్పాల్సినవి, అస్సలు చెప్పకూడనివి. సీసాకైతే సైజు చెప్పాలి, వేడి నిలుస్తుందని చెప్పకూడదు. ఈ పరీక్ష దాటిన వాటికే శైలి చూడటం.

ఎంపికలో సగం మామూలు వస్తువులు ఉంటే చాలు, మిగతా సగం కావాలనే ఇబ్బందిపెట్టేవి తీసుకోండి. సగం వివరాలు ఖాళీగా ఉన్నవి, రెండింటి ప్యాక్‌లు, టైటిల్‌లో నలుపు అని ఉండి రంగు దగ్గర నీలం అని ఉన్నవి. ఆ చివరి దానికి సరైన జవాబు రంగు ఊసెత్తకపోవడమే, అదీ గోల్డ్‌లో రాసి పెట్టుకోండి.

పోల్చేటప్పుడు గోల్డ్‌తో పదాలు ఎన్ని కలిశాయో లెక్కపెట్టే స్కోర్లు నమ్మకండి, మంచి డిస్క్రిప్షన్ వేరే మాటల్లోనూ ఉండొచ్చు. రెండు వెర్షన్ల ఫలితాలూ పేర్లు తీసేసి, ఏది కుడివైపు ఏది ఎడమవైపు అన్నది మారుస్తూ, ప్రాంప్ట్ రాయని మనిషికి చూపించండి. 30లో 17-13 వస్తే అది బొమ్మా బొరుసూ వేసినట్టే, తేడా ఉందనుకోవద్దు. 22-8 వస్తే నమ్మొచ్చు. ఒక్కో ప్రాంప్ట్‌ని ఒక్కో వస్తువు మీద మూడుసార్లు నడపండి, ఎందుకంటే అదే ప్రాంప్ట్ ఒకసారి బుద్ధిగా రాసి ఇంకోసారి కల్పిస్తుంది.

ఇంకో మాట, గోల్డ్‌లోని లిస్టింగుల్ని ప్రాంప్ట్‌లో ఉదాహరణలుగా పెట్టొద్దు. మరో పది విడిగా దాచి, ప్రాంప్ట్ సరిదిద్దేటప్పుడు వాటివైపు చూడకుండా, వెర్షన్ ఖాయం చేసే ముందు ఒక్కసారే తీయండి.