డెంటల్ క్లినిక్ పెడుతున్న అమ్మాయి లెక్కలు రాయాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఎరువులు, విత్తనాల దుకాణం నడుపుతున్నాను. ఏటా అమ్మకాల మీద ఎనిమిది శాతం, ఆరు శాతం లెక్కన లాభం చూపి రిటర్ను వేస్తాను. ఇంతవరకు నన్ను పుస్తకాలు అడిగినవారు లేరు. మా అమ్మాయి బీడీఎస్ పూర్తిచేసి నల్లగొండలో క్లినిక్ పెట్టబోతోంది. డాక్టర్లు వచ్చిన డబ్బులో సగం ఆదాయంగా చూపిస్తే చాలని విన్నాను. అలాంటప్పుడు ఆమె కూడా లెక్కలు రాయనక్కర లేదు కదా? – ఒక తండ్రి

జవాబు: సగం చూపి రిటర్ను వేయవచ్చు. మొదటి కొన్నేళ్లు అదే మంచిది కూడా. కానీ లెక్కలు మాత్రం క్లినిక్ తెరిచిన రోజు నుంచే రాయించండి. రిటర్ను ఎలా వేయాలన్నది ఒక విషయం, లెక్కలు రాయాలా వద్దా అన్నది వేరే విషయం. మీ దుకాణంలో ఈ రెండూ కలిసిపోయాయి. ఆమె క్లినిక్‌లో కలవవు.

ముందు మీ సంగతి చూద్దాం. మీరు వాడుతున్నది 44ఏడీ సెక్షన్, చిన్న వ్యాపారుల కోసం పెట్టిన ప్రిజంప్టివ్ పద్ధతి. బ్యాంకు ద్వారా, ఫోన్ ద్వారా వచ్చిన అమ్మకాల మీద ఆరు శాతం, నగదు అమ్మకాల మీద ఎనిమిది శాతం లాభం వచ్చినట్టు చట్టమే అనుకుంటుంది. ఏడాది అమ్మకాలు 2 కోట్లు దాటకూడదు. నగదు వసూళ్లు మొత్తంలో 5 శాతం లోపే ఉంటే 3 కోట్ల దాకా వీలుంది. పంట చేతికొచ్చాక రైతులు నోట్లు తెచ్చి బాకీ తీర్చే దుకాణానికి ఆ 3 కోట్ల పరిమితి అందేది కాదు, మీకు 2 కోట్లే హద్దు అనుకోండి. మార్కెట్ యార్డులో కమీషన్ వ్యాపారం కూడా చేస్తుంటే, మీకు ఈ పద్ధతి అసలు వర్తించదు.

పుస్తకాలు లేకుండానే నడిచిందని మీరు అంటున్నారు. నిజానికి మీ దగ్గర లెక్కలు లేకపోలేదు. సబ్సిడీ ఎరువు ప్రతి బస్తా ఈ-పాస్ యంత్రం మీదే అమ్ముతారు. లైసెన్సు నిబంధనల ప్రకారం స్టాకు రిజిస్టరు ఉంటుంది. జీఎస్టీ రిటర్నుల్లో కొనుగోళ్లు, అమ్మకాలు నమోదవుతాయి. ఆదాయపు పన్ను కోసం ప్రత్యేకంగా రాయకపోయినా, ఏ ఏడాది ఎంత అమ్మారో మీకు తెలుసు. క్లినిక్‌లో ఇవేవీ ఉండవు. రాయకపోతే రోగి కట్టిన ఐదు వందలు ఎక్కడా కనిపించవు, ల్యాబ్‌కు ఇచ్చిన రెండు వేలు కూడా కనిపించవు.

మీ అమ్మాయికి వర్తించేది 44ఏడీఏ సెక్షన్. డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు వంటి వృత్తులవారి కోసం దీన్ని పెట్టారు. ఏడాది రాబడి 50 లక్షల లోపు ఉండాలి. నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా వీలుంటుంది. రాబడిలో కనీసం సగాన్ని ఆదాయంగా చూపాలి. మిగతా సగంలోనే అద్దె, జీతాలు, మందులు, అప్పు మీద వడ్డీ, యంత్రాల తరుగుదల అన్నీ వచ్చినట్టే లెక్క. ఆ పైన మరే ఖర్చునూ విడిగా తగ్గించుకోలేరు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చాక సెక్షన్ల నంబర్లు మారాయి. పద్ధతి మాత్రం అదే కాబట్టి అందరికీ అలవాటైన పాత పేర్లతోనే చెబుతున్నాను.

ఆరు శాతం లాభం చూపే మీకు సగం చూపడమంటే చాలా పెద్దదిగా అనిపించాలి. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. కుర్చీ, ఎక్స్‌రే, స్టెరిలైజర్ అన్నీ కలిపి 10 లక్షలతో క్లినిక్ మొదలైందనుకోండి. మొదటి ఏడాది రోగుల నుంచి 10 లక్షలు వచ్చాయి. అద్దె 1.8 లక్షలు, సహాయకురాలి జీతం 1.8 లక్షలు, ఫిల్లింగ్ సామగ్రి, ఇంజెక్షన్లు, గ్లవ్స్ వంటివి 1.5 లక్షలు, క్యాప్‌లు, పళ్లసెట్లు చేసే ల్యాబ్‌కు 1.3 లక్షలు, కరెంటు, చిల్లర ఖర్చులు 60 వేలు, అప్పు మీద వడ్డీ లక్ష. పరికరాల మీద 15 శాతం తరుగుదల 1.5 లక్షలు. అన్నీ పోగా మిగిలేది 50 వేలు. ప్రిజంప్టివ్ రిటర్నులో మాత్రం ఆమె ఆదాయం 5 లక్షలుగా కనిపిస్తుంది.

దీనివల్ల పన్ను పరంగా ఆమెకు నష్టం లేదు. 2025-26 ఏడాదికి కొత్త పన్ను విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను సున్నా. అంటే ఇతర ఆదాయం ఏదీ లేకపోతే క్లినిక్ రాబడి 24 లక్షలకు చేరేదాకా సగం చూపినా కట్టాల్సింది ఏమీ లేదు. అందుకే మొదటి కొన్నేళ్లు ఇదే మంచిదన్నాను. ఇబ్బంది ఇంకొకచోట వస్తుంది. లెక్కలు రాయని మనిషి దగ్గర తన సంపాదన గురించి ఉన్న ఒకే ఒక కాగితం ఆ రిటర్ను. అందులో 5 లక్షలు అని ఉంటే, నెలకు నలభై వేలు వస్తున్నాయని నమ్మి రెండో కుర్చీ కొంటారు. నిజంగా మిగిలింది నెలకు నాలుగు వేలు. ల్యాబ్ బిల్లులు ఎక్కువవుతున్నాయా, రూట్ కెనాల్‌కు తీసుకుంటున్న ఫీజు సరిపోతోందా అన్నది ఆ రిటర్ను చెప్పదు.

ఇప్పుడు ఐదారేళ్లు గడిచాయనుకోండి. రాబడి 36 లక్షలు. ఇంకో డాక్టర్‌ను, ఇద్దరు సహాయకులను పెట్టుకుంది, ఖర్చులు 22 లక్షలు. నిజమైన లాభం 14 లక్షలు. ప్రిజంప్టివ్ పద్ధతిలో 18 లక్షలు చూపాలి, దాని మీద సెస్సుతో కలిపి పన్ను 1,66,400 రూపాయలు. నిజమైన 14 లక్షల మీదైతే 93,600. తేడా 72,800 రూపాయలు. ఆ ఏడాది నిజమైన లాభం చూపడం లాభమా కాదా అన్నది ఆడిట్ ఫీజు, అకౌంటెంటు ఖర్చు దీనికంటే ఎంత తక్కువ అన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. ఎందుకంటే సగం కంటే తక్కువ చూపితే, మొత్తం ఆదాయం కనీస మినహాయింపు పరిమితి దాటినప్పుడు పుస్తకాలు ఉండాలి, వాటిని ఆడిట్ చేయించాలి.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. 12 లక్షల దాకా పన్ను లేదు కదా, ఆడిట్ కూడా ఉండదనుకుంటారు. ఆడిట్‌కు చూసేది రిబేటు పరిమితిని కాదు, పన్ను మొదలయ్యే కనీస పరిమితిని. కొత్త విధానంలో అది 4 లక్షలు. 20 లక్షల రాబడి మీద నిజంగా మిగిలింది 7 లక్షలేనని అంతే చూపితే, పన్ను ఒక్క రూపాయి లేకపోయినా ఆడిట్ తప్పదు. అలాంటి ఏడాది 10 లక్షలు చూపి సున్నా పన్నుతో బయటపడటమే తెలివైన పని.

అంటే ఒక్కో ఏడాది ఒక్కో దారి మంచిదవుతుంది. మీ అమ్మాయికి అలా మారే వెసులుబాటు ఉంది. మీకు లేదు. 44ఏడీలో ఉన్నవారు ఐదేళ్లలోపు ఒక్క ఏడాది ఆ శాతం కంటే తక్కువ లాభం చూపినా, తర్వాతి ఐదేళ్లు ఆ పద్ధతి వాడుకోలేరు, ఆదాయం కనీస పరిమితి దాటిన ప్రతి ఏడాదీ ఆడిట్ చేయించాల్సి వస్తుంది. 44ఏడీఏలో ఈ ఐదేళ్ల నిబంధన లేదు. ఒక ఏడాది సగం చూపి, మరుసటి ఏడాది నిజమైన లెక్క చూపి, ఆ తర్వాత మళ్లీ సగానికి రావచ్చు. అయితే మార్చి 31 తర్వాత కూర్చుని గడిచిన ఏడాది ఖర్చులు గుర్తు తెచ్చుకుని ఈ నిర్ణయం తీసుకోలేరు. లెక్కలు రాసుకున్నవారికే ఆ రెండు దారులూ ఉంటాయి. రాయనివారికి ఖర్చులు ఎంత పెరిగినా సగం చూపక తప్పదు.

నష్టం వచ్చిన ఏడాది సంగతి కూడా ఇంతే. పుస్తకాలు రాసి, గడువులోపు రిటర్ను వేస్తే వ్యాపార నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి వచ్చే లాభాల్లోంచి తగ్గించుకోవచ్చు. ప్రిజంప్టివ్ పద్ధతిలో నష్టం అన్నదే లేదు. పైగా ఆ ఏళ్లలో పరికరాల తరుగుదల తీసుకున్నట్టే లెక్కిస్తారు. 10 లక్షల కుర్చీ, ఎక్స్‌రేల విలువ ఏడాదికి 8.5 లక్షలకు, రెండేళ్లకు 7.22 లక్షలకు పడిపోతుంది. తర్వాత నిజమైన లెక్కకు మారినా ఆ తగ్గిన విలువ మీదే తరుగుదల వస్తుంది. పెద్ద అప్పుకు వెళ్లినప్పుడు బ్యాంకు లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ అడుగుతుంది. పాత ఏళ్లవి అప్పటికప్పుడు తయారు చేయించి ఇస్తే బ్యాంకు ఖాతాలోని జమలతో అవి పొసగవు.

రాయాల్సింది కూడా పెద్దగా ఏమీ లేదు. క్లినిక్‌కు వేరే బ్యాంకు ఖాతా తెరిపించండి, క్యూఆర్ కోడ్ ఆ ఖాతాదే గోడకు అతికించండి. డాక్టర్లకు ఆదాయపు పన్ను నిబంధనల్లో రోజువారీ కేసుల రిజిస్టరు ఒకటి ఉంది. తేదీ, వరుస సంఖ్య, రోగి పేరు, చేసిన చికిత్స, ఫీజు, అది అందిన తేదీ ఇవే అందులోని గళ్లు. దానికి నగదా ఫోనా అన్న గడి ఒకటి కలిపితే రాబడి వైపు పూర్తయినట్టే. ఖర్చులకు నగదు పుస్తకం, బిల్లుల ఫైలు, ఏడాది చివర మిగిలిన మందులు, సామగ్రి జాబితా ఉంటే చాలు. నెలాఖరున రిజిస్టరు మొత్తాన్ని బ్యాంకు జమలతో, చేతిలోని నగదుతో సరిచూడాలి. తేడా ఆ నెలలోనే దొరుకుతుంది, ఏడాది చివర దొరకదు.

నార్కట్‌పల్లి వైపో హైదరాబాద్‌లోనో ఏదైనా ఆసుపత్రికి విజిటింగ్ డాక్టర్‌గా వెళ్తే, ఫీజులో పది శాతం టీడీఎస్ కోసి మిగతాది ఖాతాలో వేస్తారు. రాబడిలో కలపాల్సింది కోయకముందు మొత్తం. ఖాతాలో పడినదాన్ని మాత్రమే కలిపితే పన్ను శాఖ దగ్గరున్న వార్షిక సమాచార పత్రంతో తేడా వచ్చి నోటీసు వస్తుంది. అది జీతమైతే మాత్రం ఈ సగం లెక్కలోకి రాదు, విడిగా చూపాలి.

మరో విషయం మీకోసమే. క్లినిక్ ఖర్చులకు మీ గల్లాపెట్టెలోంచి నోట్లు తీసి ఇవ్వకండి. అప్పుగా ఇచ్చేది 20 వేలు, ఆ పైన ఉంటే నగదుగా తీసుకోవడాన్ని చట్టం నిషేధించింది. తీసుకున్నంత మొత్తమూ జరిమానా పడవచ్చు. మీ ఖాతా నుంచి ఆమె ఖాతాకు బదిలీ చేసి, అది అప్పా కానుకా అన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. క్లినిక్‌కు పన్ను వచ్చే స్థాయి చేరాక, సగం పద్ధతిలోనే ఉంటే ముందస్తు పన్ను నాలుగు వాయిదాల్లో కట్టనక్కర లేదు. మార్చి 15లోపు ఒకేసారి కట్టేస్తే సరిపోతుంది.