మనుషులు నలుగురే, బిల్లు ఐదుగురికి: టీమ్ ప్లాన్ ఇన్‌వాయిస్‌ని ఎలా చదవాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్. మేం నలుగురు ఫ్రెండ్స్ కలిసి హైదరాబాద్‌లో వీడియో ఎడిటింగ్ పనులు చేస్తుంటాం. ఒక సాఫ్ట్‌వేర్ టీమ్ ప్లాన్‌ని నా క్రెడిట్ కార్డు మీద తీసుకున్నాం. ఒక్కొక్కరు వాడుకోవడానికి ఒక సీటు, సీటుకు నెలకు ₹900, పైన జీఎస్టీ. ప్రతి నెలా 5వ తేదీన ₹4,248 కట్ అయ్యేది. జూన్ 15న ఒకతను కొత్తగా చేరాడు. 25న పాతవాళ్లలో ఒకమ్మాయి వెళ్లిపోతే టీమ్ నుంచి తన పేరు తీసేశాను. మళ్లీ నలుగురమే కదా, అయినా జులై 5న ₹6,018 కట్ అయింది. అందులో మైనస్ అంకె కూడా ఒకటి ఉంది. ఇందులో తప్పుందా? ఎవరి దగ్గర ఎంత తీసుకోవాలి?

జవాబు: లెక్కలో తప్పు లేదండి. కానీ ఇప్పుడు మీరు నాలుగు కాదు, ఐదు సీట్లకు కడుతున్నారు. ఈ విషయం మీకు చెప్పకుండా చెబుతున్నది ఆ ఇన్‌వాయిస్సే. ముందు దాన్ని కలిసి చదువుదాం.

మీ బిల్లులో ఈ మూడు వరుసలు ఉండాలి:

```
Unused time on 4 × Team after 15 Jun     −2,400
Remaining time on 5 × Team after 15 Jun   3,000
5 × Team (Jul 5 – Aug 5)                  4,500
```

ఆన్‌లైన్ సేవల్లో చాలావాటి బిల్లింగ్ వెనక స్ట్రైప్ లాంటి వ్యవస్థ ఉంటుంది. అది సీటు మారినప్పుడు "ఒక సీటు పెరిగింది, ఇంత" అని ఒక్క ముక్కలో రాయదు. పాత లెక్కను ఆ రోజుతో ఆపేసి, కొత్త లెక్క మొదలుపెడుతుంది. జూన్ 5న మీరు నాలుగు సీట్లకు ₹3,600 ముందుగానే కట్టేశారు. ఆ 30 రోజుల్లో 15వ తేదీ నాటికి ఇంకా 20 రోజులు మిగిలి ఉన్నాయి. ఆ మిగిలిన రోజుల డబ్బు ₹2,400 మీకు వెనక్కి ఇస్తున్నట్టు మైనస్‌లో చూపించారు. అదే 20 రోజులకు ఐదు సీట్ల ధర ₹3,000 కొత్తగా వేశారు. రెండింటికీ తేడా ₹600. కొత్తగా చేరినతని 20 రోజుల అద్దె అంతే. మైనస్ వరుస చూసి డిస్కౌంట్ అనుకునేవాళ్లూ ఉన్నారు, ఏదో తప్పు చార్జీ అనుకుని కంగారుపడేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు వరుసల్నీ ఎప్పుడూ జంటగానే చదవాలి. చాలాచోట్ల లెక్క రోజుల్లో కాకుండా సెకన్లలో సాగుతుంది కాబట్టి మీ బిల్లులో కొన్ని రూపాయలు అటూ ఇటూ ఉండొచ్చు.

ఆ ₹600 జూన్‌లోనే ఎందుకు కట్ కాలేదంటే, కొన్ని సేవలు సీటు పెంచిన రోజే తేడా వసూలు చేస్తాయి, కొన్ని వచ్చే బిల్లులో కలుపుతాయి. మీది రెండో రకం. 600, 4,500 కలిపితే 5,100. దాని మీద 18 శాతం జీఎస్టీ ₹918. మొత్తం ₹6,018.

ఇక అసలు సమస్య మూడో వరుసలో ఉంది. నలుగురే ఉంటే `5 × Team` అని ఎందుకు వచ్చింది? జూన్ 25న మీరు మనిషిని తీశారు, సీటును తీయలేదు. చాలా టీమ్ ప్లాన్లలో ఈ రెండూ వేరువేరు పనులు. పీజీ హాస్టల్లో ఒకరు వెళ్లిపోయినా, ఆ మంచం మాకు వద్దని ఓనర్‌కి చెప్పేదాకా అద్దె నడుస్తూనే ఉంటుంది కదా, ఇదీ అంతే. మెంబర్ల పేజీలో పేరు తీసేస్తే సీటు ఖాళీ అవుతుంది. ఆ తర్వాత బిల్లింగ్ పేజీకి వెళ్లి సీట్ల సంఖ్యను 5 నుంచి 4కి తగ్గిస్తేనే డబ్బు తగ్గుతుంది. ఆ రోజే తగ్గించి ఉంటే మరో జంట వరుస వచ్చి, మిగిలిన 10 రోజులకు ₹300 జమ అయ్యేది. జులై బిల్లు జీఎస్టీతో ₹4,602 అయ్యేది.

ఇప్పుడు పంపకం చూద్దాం. ఒక సీటుకు జీఎస్టీతో నెలకు ₹1,062. ఇప్పుడున్న నలుగురూ జులైకి తలా అంత ఇవ్వాలి. కొత్తతను జూన్ 15 నుంచి గడిచిన ఆ 20 రోజులకు జీఎస్టీతో ₹708 అదనంగా ఇవ్వాలి. అంటే అతని వాటా ₹1,770. ఇవన్నీ కలిపితే ₹4,956. మిగిలిన ₹1,062 ఖాళీ సీటుది. దీన్ని వెళ్లిపోయిన అమ్మాయిని అడగడం న్యాయం కాదు. తన జూన్ వాటా తను కట్టేసింది, పైగా చివరి 10 రోజులు వాడుకోలేదు కూడా. కొత్తతనికీ దీంతో సంబంధం లేదు. ప్లాన్ నడిపేది మీరు కాబట్టి ప్రస్తుతానికి దాన్ని మీ ఖాతాలో వేసుకోండి.

అది పూర్తిగా పోయినట్టు కాదు. ఉదాహరణకు జులై 10న సీటు తగ్గించారనుకుందాం. ఈ నెల బిల్లింగ్‌లో 31 రోజులు, మిగిలినవి 26. సుమారు ₹755 జమ అవుతుంది. అయితే అది మీ కార్డుకు తిరిగి రాదు, ఖాతాలోనే ఉండి ఆగస్టు బిల్లులో తగ్గుతుంది. కాబట్టి కార్డు స్టేట్‌మెంట్‌లో రీఫండ్ కోసం వెతకొద్దు. ఆగస్టు బిల్లు సుమారు ₹3,357 వస్తుంది. అప్పుడు దాన్ని నాలుగుతో భాగించకండి. ఆ జమ మీ డబ్బు. మిగతా ముగ్గురూ ఎప్పటిలాగే ₹1,062 చొప్పున ₹3,186 ఇస్తే, మీ చేతి నుంచి పడేది ₹171. ఖాళీ సీటు వల్ల మీకైన అసలు నష్టం అదే. తగ్గించడంలో ఆలస్యమయ్యే ప్రతి రోజుకూ జీఎస్టీతో ₹34 చొప్పున ఆ నష్టం పెరుగుతుంది.

తగ్గించే బటన్ నొక్కే ముందు తెరమీద ఏం రాసుందో చదవండి. కొన్ని సేవలు తగ్గింపును వచ్చే బిల్లు తేదీ నుంచే అమలు చేస్తాయి, అప్పుడు ఈ ₹755 రాదు. ఏడాది ఒప్పందంతో తీసుకున్న చాలా ప్లాన్లలో అయితే సీటు ఎప్పుడైనా పెంచనిస్తారు గానీ, గడువు ముగిసేదాకా తగ్గించనివ్వరు. అలాంటి ప్లాన్‌లో రెండు నెలల పనికి వచ్చినవాళ్ల కోసం సీటు పెంచితే ఏడాదంతా మోయాలి.

కార్డు మీది కాబట్టి కంపెనీ దృష్టిలో బాకీ మొత్తం మీదే. ఫ్రెండ్స్‌కి ఇన్‌వాయిస్ కూడా వెళ్లదు. వాళ్లు డబ్బివ్వకపోతే అది మీ మధ్య విషయమే. అందుకే ప్రతి నెలా ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌ను గ్రూపులో పెట్టి, ఎవరి వాటా ఎంతో కింద రాయండి. మీలో ఎవరికైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఒక మాట: ఇన్‌పుట్ క్రెడిట్ ఇన్‌వాయిస్ మీద ఎవరి నంబర్ ఉంటే వాళ్లకే వస్తుంది, పంచుకోవడం కుదరదు.

ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం కార్డు మీద ఆటోమేటిక్‌గా డబ్బు కట్ అవడానికి కనీసం 24 గంటల ముందే బ్యాంకు నుంచి మెసేజ్ రావాలి, ఎంత కట్ అవుతుందో అందులో ఉంటుంది. ₹15,000 దాటితే ఓటీపీ కూడా అడుగుతారు. మీ బిల్లు అంత లేదు కాబట్టి మీకున్న ముందస్తు సూచన ఆ మెసేజ్ ఒక్కటే. నెల నెలా 4వ తేదీన దాన్ని తెరిచి, అందులోని అంకె ₹1,062కి ఎన్ని రెట్లో చూడండి. సరిగ్గా నాలుగు రెట్లు కాకపోతే డబ్బు కట్ కాకముందే బిల్లింగ్ పేజీలో సీట్ల సంఖ్య చూసుకోండి.