కార్డు బాకీ ముందా, గొలుసు ముందా?

ప్రశ్న: క్రెడిట్ కార్డు మీద 80 వేలు బాకీ ఉంది, వడ్డీ నెలకు మూడున్నర శాతం. గొలుసు పెట్టి తీసుకున్న గోల్డ్ లోన్ 30 వేలు, ఏడాదికి 12 శాతం. పర్సనల్ లోన్ ఈఎంఐ పోను ఈ రెండింటికీ నెలకు 20 వేలు కట్టగలను. చిన్నది ముందు తీర్చెయ్ అక్కా, గొలుసు ఇంటికొస్తుందని తమ్ముడంటాడు. ఏది ముందు కట్టాలి? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కార్డు ముందు కట్టండి. గోల్డ్ లోన్ నూటికి రూపాయి వడ్డీ. కార్డు మూడున్నర అని రాసి ఉన్నా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది కాబట్టి అసలు లెక్క నూటికి 4 రూపాయల 13 పైసలు. గోల్డ్ లోన్ వడ్డీకి జీఎస్టీ ఉండదు.

మీ 20 వేలతో రెండు దారుల్లోనూ నెలాఖరుకు ఎంత బాకీ మిగులుతుందో చూడండి. మొదటి దారిలో కార్డుకు నెలకు 5 వేలు కట్టి మిగతాది గోల్డ్ లోన్‌కు, అది తీరాక అంతా కార్డుకు. రెండో దారిలో గోల్డ్ లోన్‌కు వడ్డీ 300 మాత్రమే, మిగతా 19,700 కార్డుకు. ఈలోగా కార్డు మీద కొత్త ఖర్చేమీ లేదనుకున్నాం.

| నెల | చిన్నది ముందు: కార్డు | చిన్నది ముందు: గోల్డ్ | వడ్డీ ఎక్కువది ముందు: కార్డు | వడ్డీ ఎక్కువది ముందు: గోల్డ్ |
|---|---|---|---|---|
| 1 | 78,304 | 15,300 | 63,604 | 30,000 |
| 2 | 76,538 | 453 | 46,531 | 30,000 |
| 3 | 60,157 | 0 | 28,753 | 30,000 |
| 4 | 42,641 | 0 | 10,240 | 30,000 |
| 5 | 24,402 | 0 | 0 | 20,963 |
| 6 | 5,410 | 0 | 0 | 1,173 |
| 7 | 0 | 0 | 0 | 0 |

రెండూ ఏడో నెలలోనే ముగుస్తాయి. కానీ మొదటి దారిలో వడ్డీ మొత్తం 15,633, రెండో దారిలో 11,184. తేడా 4,449 రూపాయలు. అది ఎక్కడ పోయిందో మొదటి రెండు నెలల్లోనే కనిపిస్తుంది: కార్డుకు 10 వేలు కట్టినా బాకీ తగ్గింది 3,462 మాత్రమే, మిగతా 6,538 వడ్డీకీ జీఎస్టీకీ సరిపోయింది. అదే సమయంలో రూపాయి వడ్డీ అప్పుకు 30 వేలు పోశాం.

అయితే తమ్ముడి మాట కొట్టిపారేసేది కాదు. రెండో దారిలో నాలుగో నెల చివరిదాకా గొలుసు మీద అప్పు 30 వేలు అలాగే ఉంటుంది. లోన్ రసీదులో గడువు తేదీ చూడండి. అది ఈ ఏడు నెలల్లోపే ఉంటే, వడ్డీ కట్టి రెన్యువల్ చేస్తారా అని బ్రాంచిలో ముందే అడగండి. చేయరంటే, గడువు తేదీకి ఆ డబ్బు సిద్ధంగా ఉండేలా లెక్క మార్చుకోవాలి. నాలుగున్నర వేల కోసం గొలుసును వేలందాకా తెచ్చుకోకూడదు. గడువు దూరంగా ఉంటే మాత్రం ఆ భయం అక్కర్లేదు.

కాగితం మీది లెక్క బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తప్పేది సాధారణంగా రెండు చోట్ల. ఒకటి, పాత బాకీ ఉన్నంతకాలం కార్డుకు వడ్డీ లేని గడువు ఉండదు. ఇవాళ కొన్న కూరగాయలకూ ఇవాళ్టి నుంచే వడ్డీ. అందుకే కార్డును పర్సులోంచి తీయడమే కాదు, యాప్‌లలో సేవ్ చేసిన చోట్లా, ఆటోపే ఉన్న చోట్లా తొలగించండి. రెండు, ఐదో నెలలో బిల్లు మొత్తం కట్టేశాక ఆరో నెలలో మళ్ళీ చిన్న బిల్లు రావచ్చు. స్టేట్‌మెంట్ తేదీ నుంచి మీరు కట్టిన రోజు వరకు పడిన వడ్డీ అది. తప్పు కాదు, కట్టేయండి. వదిలేస్తే దానిమీద లేట్ ఫీజు పడవచ్చు. కార్డు వడ్డీ రోజువారీ లెక్క కాబట్టి, ఆఖరి తేదీ దాకా ఆగకుండా జీతం పడిన రోజే కడితే ఇంకొంచెం తగ్గుతుంది. మినిమం డ్యూ 5 వేలకంటే ఎక్కువగా ఉంటే మాత్రం మొదటి దారి లెక్క మారుతుంది. రెండో దారికి ఆ చిక్కు లేదు.

అంకెలు మారితే ఎక్సెల్‌లో మీరే వేసుకోవచ్చు. B2లో బాకీ, C2 నుంచి కిందికి ఒక్కో నెల కట్టేది పెట్టి, B3లో ఇది రాసి కిందికి లాగండి:

```
=MAX(0,ROUND(B2*1.0413-C2,0))
```

గోల్డ్ లోన్‌కు D2లో బాకీ, E2 నుంచి కిందికి కట్టేది పెట్టి, D3లో =MAX(0,ROUND(D2*1.01-E2,0)) రాసి కిందికి లాగండి.

ఇంకొక మాట. గొలుసు తూకానికి ఇంకా అప్పు పుట్టేట్టుంటే అదే రేటుకు టాప్‌అప్ ఎంతిస్తారో కనుక్కోండి. కార్డు మీది 80 వేలకు మొదటి నెల వడ్డీ 3,304 అయితే, గోల్డ్ లోన్‌లో అదే మొత్తానికి 800. అప్రైజర్ ఫీజు, ప్రాసెసింగ్ ఫీజు పోను కూడా లాభమే. కార్డు మళ్ళీ గీకనని మీమీద మీకు నమ్మకముంటేనే ఈ పని చేయండి, లేకపోతే ఆరు నెలలకు రెండు అప్పులూ నిండుగా ఉంటాయి.