కారణం లేకుండా వెనక్కి పోయే చూపునే ఆపండి

“గ్రూప్-2కి చదువుతున్నాను. ఏది చదివినా కళ్లు మాటిమాటికీ వెనక్కి పోతుంటాయి, పేజీ తెమలదు. బలవంతంగా ముందుకు పోతే అర్థం కావట్లేదు. ఏం చేయాలి?”

నేను పోటీ పరీక్షలకు చదివే రోజుల్లో నాకూ ఇదే బాధ. వేగంగా చదవడం నేర్పే ఒక క్లాసులో చేరాను. చదివిన లైన్ల మీద అట్టముక్క జరుపుతూ పోవాలి, కప్పేసింది మళ్లీ చూడకూడదు. దినపత్రిక సంపాదకీయం తొమ్మిది నిమిషాల నుంచి ఐదుకు దిగింది, సంబరపడ్డాను. వారం తర్వాత ఇలాంటి వాక్యం ఒకటి ఎదురైంది:

“నిధుల్లేక ఆగిపోయిన ఎత్తిపోతల పథకానికి భూములిచ్చిన రైతులకు పరిహారం పెంచాలన్న కింది కోర్టు ఉత్తర్వును నిలిపివేయాలని వేసిన పిటిషన్‌ను హైకోర్టు కొట్టివేసింది.”

రైతులు ఓడిపోయారని రాసుకున్నాను. నిజానికి గెలిచింది వాళ్లే. కొట్టేసింది ఉత్తర్వును కాదు, ఆ ఉత్తర్వును ఆపమన్న పిటిషన్‌ను. చివరి మాట దగ్గర ఒక్కసారి వెనక్కి చూసి ఉంటే తెలిసేది. చూడనివ్వనిది ఆ అట్టముక్కే.

తర్వాత తెలిసింది, బాగా చదివేవాళ్లూ వెనక్కి వెళతారని. ఇంగ్లిష్ చదివే పెద్దవాళ్ల మీద చేసిన పరిశోధనల్లో చదివేటప్పుడు కన్ను మాట నుంచి మాటకు వేసే గెంతుల్లో సుమారు 10 నుంచి 15 శాతం వెనక్కే ఉంటాయి. 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో షాటర్, ట్రాన్, రేనర్ అనే పరిశోధకులు, చూపు దాటగానే ఆ మాట తెర మీద చెరిగిపోయేలా ఏర్పాటు చేసి చదివించారు. అర్థం చేసుకోవడం తగ్గింది, మెలిక ఉన్న వాక్యాల్లోనే కాదు, సాదా వాక్యాల్లో కూడా. నా అట్టముక్క చేసిందీ అదే పని.

అందుకని ఆపాల్సిన వాటిని ముందు వేరు చేసుకోండి. ఒక పేజీ తీసుకుని, వెనక్కి వెళ్లిన ప్రతిసారీ మార్జిన్‌లో పెన్సిల్ చుక్క పెట్టండి. ఏం వెతుక్కుంటూ వెళ్లారో చెప్పగలిగితే చుక్క చుట్టూ సున్నా చుట్టండి. చుక్కలు పెట్టే ధ్యాసలో చదువు కాస్త కుంటుపడుతుంది కాబట్టి రోజుకు ఒక్క పేజీ చాలు. నాకు మొదటి రోజు ఇరవై రెండు చుక్కలు పడితే సున్నాలు ఆరే. మిగతా పదహారులో కొన్ని, కన్ను మాటను దాటిపోయి సర్దుకున్నవి. అవి ఒకటి రెండు అక్షరాల దూరమే, వాటిని వదిలేయండి. ఎక్కువ భాగం మాత్రం మనసు ఎటో పోయి, “అర్థమైందో లేదో” అన్న అనుమానంతో లైను మొదటికి పోయినవి. తగ్గించాల్సింది వాటినే.

అనుమానం రాగానే వెనక్కి పోకుండా ఫుల్‌స్టాప్ దాకా వెళ్లండి. తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది కాబట్టి మధ్యలో తెలియనిది చాలాసార్లు అక్కడ తేలిపోతుంది. తేలకపోతే, ఏ ప్రశ్నకు జవాబు కావాలో మనసులో అనుకుని నేరుగా ఆ మాట దగ్గరికే వెళ్లండి, లైను మొదటికి కాదు. పై వాక్యంలో “కొట్టేసింది దేన్ని?” అంటే పిటిషన్ దగ్గరికి, “పిటిషన్ ఏమడిగింది?” అంటే నిలిపివేయాలని దగ్గరికి, “దేన్ని?” అంటే ఉత్తర్వు దగ్గరికి. మూడు చిన్న గెంతులతో పని అయిపోతుంది.

అసలు వెనక్కి వెళ్లే అవసరమే తగ్గాలంటే, “ఇచ్చిన”, “పెంచాలన్న”, “వేసిన” లాంటి మాటల తర్వాత వచ్చే నామవాచకం దగ్గర ఒక్క క్షణం ఆగండి. భూములిచ్చిన రైతులు, పరిహారం పెంచాలన్న ఉత్తర్వు, ఆపాలని వేసిన పిటిషన్. ఇలా ముడి వేసుకుంటూ పోతే చివరికి మోయాల్సినవి మూడే. మొదటి చదువు కొంచెం నెమ్మదవుతుంది, కానీ మళ్లీ మళ్లీ చదవడం తప్పుతుంది.

అర్థం పోవట్లేదని ఎలా తెలుస్తుంది? పేజీ మూసి, ఎవరు, ఏం అడిగారు, చివరికి ఏమైంది అని మూడు నాలుగు వాక్యాల్లో రాసి, తెరిచి సరిచూసుకోండి. రెండు రోజులు వరసగా తప్పులు పెరిగితే వేగం తగ్గించండి. నెలన్నరకు నా చుక్కలు తొమ్మిదికి దిగాయి, వాటిలో ఏడింటికి సున్నాలున్నాయి. సంపాదకీయానికి ఆరున్నర నిమిషాలు పడుతోంది. ఐదు నిమిషాలకు మళ్లీ దిగాలని నేను చూడలేదు.

ఒకవేళ మీరు వెనక్కి పోయేది లైను చివర నుంచి తర్వాతి లైనుకు దిగేటప్పుడే అయితే, అది అర్థానికి సంబంధించినది కాదు. లైను కింద వేలు పెట్టి చదవండి. ఫోన్‌లో వెడల్పైన పీడీఎఫ్ బదులు ఇరుకు కాలమ్‌లో చదవండి. అక్షరాలు రెండుగా కనిపించినా, మసకబారినా కంటి డాక్టర్‌కు చూపించుకున్నాకే పై సాధన మొదలుపెట్టండి.