కోపంలో రాసిన ఫిర్యాదు మెయిల్‌ను ఎలా సరిదిద్దుకోవాలి?

ప్రశ్న: బీకామ్ చదివి, జీడిమెట్లలో పంపులు తయారుచేసే ఒక చిన్న కంపెనీ పర్చేజ్ విభాగంలో ఆరు నెలలుగా పనిచేస్తున్నాను. జూన్ 10కి రావలసిన 400 బేరింగుల్లో 150 మాత్రమే 18న వచ్చాయి. కోపం ఆపుకోలేక సప్లయర్‌కు ఇంగ్లీషులో మెయిల్ పెట్టాను. అందులో తప్పులు చాలా దొర్లాయి. మిగతా 250 అందలేదని రాయబోయి ‘నాట్ రిసీవ్డ్’ బదులు ‘నౌ రిసీవ్డ్’ అని కొట్టాను. సరుకు అందిందని మీరే రాశారంటూ సప్లయర్ దాన్ని మా మేనేజర్‌కు పంపారు. ఈ ఉద్యోగానికి నేను పనికిరానా సార్?

జవాబు: ఉద్యోగం సంగతి తరువాత చూద్దాం, ముందు ఈరోజే సవరణ మెయిల్ వెళ్లాలి. పాత మెయిల్‌ను ‘రీకాల్’ చేయాలని చూడకండి, బయటి కంపెనీకి చేరిన మెయిల్‌పై ఆ సదుపాయం పనిచేయదు. అదే మెయిల్‌కు ‘రిప్లై ఆల్’ ఇచ్చి, మేనేజర్‌ను కూడా చేర్చి రాస్తే, తప్పు, సవరణ రెండూ ఒకేచోట కనిపిస్తాయి. మొదటి వాక్యంలోనే, నిన్నటి మెయిల్‌లో ఒక మాట పొరపాటున పడిందని, 250 బేరింగులు ఇప్పటికీ అందలేదని చెప్పండి. ఆ తరువాత పర్చేజ్ ఆర్డర్ నంబరు, ఒప్పుకున్న తేదీ, 18న అందిన సంఖ్య, మిగిలినవి ఏ తేదీకి పంపుతారో రాతపూర్వకంగా చెప్పమన్న అభ్యర్థన ఉంటే చాలు. కోపంగా రాసినందుకు ఒక్క వాక్యంలో విచారం తెలపవచ్చు కానీ, ఆలస్యంపై మీ ఫిర్యాదును మాత్రం వెనక్కి తీసుకోకండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం, గడువే ప్రధానమైన ఒప్పందంలో గడువు దాటాక వచ్చిన సరుకును కొన్నవారు ఒప్పుకుని తీసుకుంటే, నష్టపరిహారం అడిగే ఉద్దేశం తమకుందని ఆ సమయంలోనే తెలియజేసి ఉండాలి, లేకపోతే ఆ ఆలస్యానికి తరువాత పరిహారం కోరడం కుదరదు. అందువల్ల ఆలస్యం గురించి రాసే మెయిల్ మనసులోని బాధ చెప్పుకునే ఉత్తరం కాదు, రేపు అవసరమైతే ఫైలులోంచి తీసి చూపవలసిన పత్రం. మీ మెయిల్‌లో కోపం పుష్కలంగా ఉండి ఉంటుంది, ఆర్డర్ నంబరు ఉందా అన్నది నా అనుమానం.

తప్పులన్నీ ఒకే రకం కావని కూడా గుర్తించండి. ‘యు డిడ్ నాట్ డెలివర్డ్’ అని రాస్తే చదివేవారు ముఖం చిట్లించవచ్చు కానీ విషయం అర్థమవుతుంది. ‘నాట్’ స్థానంలో ‘నౌ’ పడితే మాత్రం అర్థమే తలకిందులవుతుంది, పైగా రెండూ సరైన మాటలే కాబట్టి స్పెల్‌చెక్ దాని కింద ఎర్రగీత గీయదు. 06/07 అని రాసిన తేదీ ఇలాంటిదే, ఒకరు దాన్ని జూలై 6 అని, మరొకరు జూన్ 7 అని చదువుకోవచ్చు, కాబట్టి నెల పేరు అక్షరాల్లో రాయండి. సమయం తక్కువగా ఉన్నప్పుడు వ్యాకరణం కంటే ముందు ‘కాదు, లేదు’ అనే మాటలనూ, అంకెలనూ, తేదీలనూ సరిచూసుకోవాలి.

కోపంలో వ్యాకరణం చెడిపోవడానికి ప్రధాన కారణం ఇంగ్లీషు రాకపోవడం కాదని నా అభిప్రాయం. ఈసారి ఆలస్యం, పోయినసారి ఆలస్యం, ఎత్తని ఫోను, ఆగిపోయిన అసెంబ్లీ, మేనేజర్ పెట్టిన చీవాట్లు, ఇవన్నీ ఒకే వాక్యంలో చెప్పేయాలనిపించడంతో, కర్త ఒకచోట, క్రియ మరొకచోట పడిపోతాయి. కోపం వచ్చినప్పుడు రాయవద్దని నేను చెప్పను, ‘టు’ గడి ఖాళీగా ఉంచి తనివితీరా రాసుకోండి. ఆపైన పర్చేజ్ ఆర్డర్, డెలివరీ చలాన్, సరుకు అందినప్పుడు స్టోర్స్ వారు రాసిన జీఆర్‌ఎన్ ముందు పెట్టుకుని, ఒక్కో వాక్యానికి ఒక్క విషయం చొప్పున కొత్తగా రాయండి. ఆ కాగితాల్లో ఆధారం లేని వాక్యాన్ని తీసేయండి. పూర్తయ్యాక పైకి చదువుతూ ప్రతి అంకెనూ కాగితంతో పోల్చండి. చిరునామా చివరన చేర్చండి.

ఆరు నెలల అనుభవంలో ఒక మెయిల్ ఇలా వెళ్లినంత మాత్రాన ఎవరూ పర్చేజ్ పనికి అనర్హులు కారు. సరుకు వెంటపడి తెప్పించాలన్న ఆరాటం మీకుంది, అది ఈ విభాగానికి కావలసిన గుణమే. అయితే మీ మేనేజర్ ఇప్పుడు మీ ఇంగ్లీషు కంటే, ఈ చిక్కును మీరు ఎంత త్వరగా, ఎంత స్పష్టంగా విప్పుతారన్నది చూస్తారు. ఆయన పిలిచే వరకు ఆగకుండా సవరణ మెయిల్ ముసాయిదా తీసుకుని మీరే వెళ్లండి.

ఒక్క విషయం మాత్రం ఆయనను అడగకుండా రాయవద్దు. చాలా ఆర్డర్లలో ఆలస్యానికి వారానికి అర శాతం చొప్పున, గరిష్ఠంగా ఐదు శాతం వరకు బిల్లులో తగ్గించుకునే నిబంధన ఉంటుంది. మీ ఆర్డర్‌లో అది ఉందో లేదో, ఉంటే దాన్ని ఇప్పుడే ప్రస్తావించాలో లేదో ఆయనతో ఖరారు చేసుకుని, ఆ తరువాతే మెయిల్ పంపండి.