చవితి చందా మెయింటెనెన్స్‌లో కలపొచ్చా? పోయినేటి లెక్క ఎలా అడగాలి?

ప్రశ్న: మాది కర్నూలు. 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. వినాయక చవితికి ఫ్లాటుకు 2,000 రూపాయలు ఇవ్వాలని, ఇవ్వనివాళ్లకు మెయింటెనెన్స్‌లో కలుపుతామని కమిటీవాళ్లు గ్రూపులో పెట్టారు. పోయినేడు వసూలు చేసిన డబ్బంతా ట్రెజరర్ ఫోన్ పే ఖాతాకే వెళ్లింది. లెక్క అడిగితే ‘దేవుడి డబ్బు తింటామా’ అంటున్నారు. ఈసారి నేను ఇచ్చి తీరాలా? పాత లెక్క రాబట్టే దారి ఉందా?

జవాబు: మీరు ఒప్పుకోనంతవరకు పండుగ చందా మీ మీద బాకీ కాదు. మెయింటెనెన్స్ సంగతి వేరు. లిఫ్టు, మోటారు, వాచ్‌మన్ జీతం లాంటివి అందరి ఉమ్మడి ఖర్చులు. ఫ్లాటు కొన్నప్పుడే ఆ బాధ్యత యజమాని మీద పడుతుంది, వద్దన్నా తప్పదు. చవితి ఉత్సవం ఆ కోవలోకి దానంతట అది రాదు. కాబట్టి ముందు మీ అసోసియేషన్ బైలాస్ కాపీ తీసుకుని చదవండి. పండుగల ఖర్చుకు అందులో చోటు ఉండి, పద్ధతిగా నోటీసు ఇచ్చి పిలిచిన సర్వసభ్య సమావేశంలో తీర్మానం జరిగి ఉంటే కమిటీ మాటకు కొంత బలం ఉంటుంది. అప్పుడు మీ అభ్యంతరాన్ని రాతపూర్వకంగా చెప్పాలి. ఆ రెండూ లేకుండా గ్రూపులో పెట్టిన మెసేజ్ వినతి మాత్రమే, దానితో బాకీ పుట్టదు. చందా ఇవ్వలేదని నీళ్లు, లిఫ్టు ఆపే అధికారం ఏ కమిటీకీ లేదు. అంతదాకా వస్తే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ అడగొచ్చు.

ఇలాంటి తగాదాల్లో కొందరు రాజ్యాంగం 27వ అధికరణం ఎత్తుతుంటారు. అది మతపోషణ కోసం ప్రభుత్వం వేసే పన్నుల గురించి. అసోసియేషన్ చందాకు వర్తించదు, ఆ వాదన మీద ఆధారపడకండి. మీకు బలం మీరు ఒప్పుకోలేదన్న ఒక్క మాటలోనే ఉంది.

మెయింటెనెన్స్ కట్టేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. మీ నెల మెయింటెనెన్స్ 1,500 అనుకుందాం. మీరు 1,500 పంపితే, అది చందా కింద జమ చేసుకుని మెయింటెనెన్స్ బాకీ చూపించే కమిటీలు ఉన్నాయి. ఫలానా బాకీ కింద ఇస్తున్నానని చెప్పి కట్టిన డబ్బును తీసుకున్నవాళ్లు ఆ బాకీకే జమ చేయాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 59వ సెక్షన్ చెబుతుంది. అందుకని డబ్బు పంపేటప్పుడు రిమార్క్స్ దగ్గర ‘ఆగస్టు మెయింటెనెన్స్’ అని రాయండి. తర్వాత అదే మీకు సాక్ష్యం.

ఇస్తానని జాబితాలో సంతకం పెట్టి తర్వాత ఎగ్గొట్టేవాళ్ల సంగతి వేరు. 1886లో కలకత్తా హైకోర్టు ముందుకు ఇలాంటిదే వచ్చింది. హౌరాలో టౌన్‌హాలు కట్టడానికి 100 రూపాయలు ఇస్తానని ఒకరు జాబితాలో రాశారు. ఆ మాటలు నమ్మి నిర్వాహకులు కాంట్రాక్టరుకు పని ఒప్పజెప్పారు. ఆ డబ్బు చెల్లించాల్సిందేనని కోర్టు తీర్పు ఇచ్చింది. 1914లో అలహాబాద్ హైకోర్టు కేసులో మసీదు మరమ్మతుకు 500 ఇస్తానన్నారు, కానీ ఆ మాటను నమ్మి ఎవరూ పని మొదలుపెట్టలేదు. అక్కడ వసూలు కుదరదన్నారు. మీ దగ్గరైనా అంతే. జాబితా చూసుకుని విగ్రహానికి, వంటవాళ్లకు అడ్వాన్సు ఇచ్చాక వెనక్కి తగ్గేవాళ్లను కమిటీ నిలదీయొచ్చు. ఇవ్వదలచుకోకపోతే ఆ అడ్వాన్సులకు ముందే ‘నేను ఇవ్వడం లేదు’ అని గ్రూపులో రాసేయండి. మౌనంగా ఉండి చివర్లో గొడవపడితే అటు కమిటీకి నష్టం, ఇటు మీకు చెడ్డపేరు.

ఇక పాత లెక్క. ఒక పనికోసం ఇచ్చిన డబ్బు ఆ పనికి ఖర్చయ్యేదాకా ఇచ్చినవాళ్ల తరఫున ట్రెజరర్ చేతిలో ఉన్నట్టే. కాబట్టి పోయినేడు మీరు చందా ఇచ్చి ఉంటే లెక్క అడగడం మీ హక్కు. ‘లెక్కలు చూపించండి’ అని ఊరికే అంటే మొత్తం ఒక్క ముక్కలో చెప్పి తప్పించుకుంటారు. ఎవరెవరు ఎంత ఇచ్చారో జాబితా, ఖర్చుల బిల్లులు, పండుగకు నెల ముందు నుంచి నిమజ్జనం తర్వాత పది రోజుల దాకా ట్రెజరర్ ఖాతాలో చందాలు వచ్చిన, పోయిన వివరం, ఈ మూడూ కావాలని రాయండి. చందా ఇచ్చిన నలుగురైదుగురు కలిసి సంతకాలు పెట్టి, 15 రోజులు గడువిచ్చి, స్పీడ్ పోస్టులో పంపండి.

జవాబు వచ్చాక ఇలా సరిచూడండి. ఉదాహరణకు 32 ఫ్లాట్ల వాళ్లు ఇచ్చారనుకుంటే 64,000. విగ్రహం 14,000, షామియానా, లైట్లు 11,000, అన్నదానం 26,000, డప్పులు 5,000, పూజారి దక్షిణ 3,000, కేసీ కెనాల్‌కు ట్రాక్టరు 2,500 అని చూపితే ఖర్చు 61,500. మిగిలింది 2,500. దక్షిణకు, ట్రాక్టరుకు బిల్లు లేదని తప్పు పట్టకండి. పుచ్చుకున్నవాళ్ల సంతకంతో వోచరు ఉంటే చాలు. అనుమానించాల్సింది అన్నదానం పద్దును. సరుకులు, గ్యాస్, వంటమాస్టర్ కూలి విడివిడిగా లేకుండా ఒకే గుండు అంకె వేస్తే, కిరాణా బిల్లు, తేదీ అడగండి.

లడ్డూ వేలంపాట దగ్గరే లెక్క ఎక్కువగా తప్పుతుంది. పాడుకున్నవారు వచ్చే చవితికి డబ్బిచ్చే ఆనవాయితీ చాలాచోట్ల ఉంది. పోయినేడు 21,000కు పాట పోయిందనుకుంటే ఆ సొమ్ము ఈ ఏడాది జమలో కనిపించాలి. ఏ ఏటి కాగితంలోనూ కనబడకపోతే అది వసూలైందా, మాఫీ అయిందా, ఎవరి దగ్గరుంది అని అడగండి. పాట పాడినవారి సంతకంతో అంకె, గడువు తేదీ ఉన్న కాగితం తీసుకుంటే ఆ గడువు నుంచి మూడేళ్లలోపు దావా వేయొచ్చు.

జవాబే రాకపోతే వెంటనే పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తకండి. బిల్లు చూపకపోవడం ఒక్కటే నేరం కాదు. నమ్మి అప్పగించిన డబ్బును మోసబుద్ధితో సొంతానికి వాడుకున్నారన్న ఆధారం కావాలి. అలాంటిది ఉంటే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ వర్తిస్తుంది, ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. మిగిలిన 2,500 ట్రెజరర్ ఖాతాలో అలాగే ఉండిపోతే అది లెక్క తేలని వ్యవహారమే, దొంగతనం కాదు. ఇంత చిన్న మొత్తాలకు నేను సూచించేది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర కోర్టులో కేసు వేయకముందే పెట్టుకునే ప్రీ-లిటిగేషన్ దరఖాస్తు. కోర్టు ఫీజు ఉండదు. రెండు వర్గాలను పిలిచి మాట్లాడతారు, రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు ఇస్తే దానికి కోర్టు డిక్రీకున్న విలువ ఉంటుంది. అక్కడ తేలకపోతే, మీ అసోసియేషన్ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే 23వ సెక్షన్ ప్రకారం జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు.

ఈసారి మీరు చందా ఇవ్వదలిస్తే, డబ్బు చేతులు మారకముందే మూడు వాక్యాల తీర్మానం రాయించండి: డబ్బు ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతాలోనే పడాలి, నిమజ్జనమైన పదో రోజుకు జమాఖర్చు నోటీసు బోర్డుకు ఎక్కాలి, మిగులు వచ్చే చవితికే జమ కావాలి. చందా ఇచ్చినవాళ్లను అడగకుండా ఆ మిగులును లిఫ్టు రిపేరుకు కూడా వాడకూడదు.