పార్ట్ టైమ్‌కి మారే ముందు మర్చిపోయే లెక్క

"నెల ఖర్చు 60 వేలు, ట్యూషన్లతో 25 వేలు వస్తాయి, పెట్టుబడులు 1.2 కోట్లు. షుగర్ ఉంది. వచ్చే నెల రిజైన్ చేయొచ్చా?"

మీ లెక్కలో లోటు హెల్త్ ఇన్సూరెన్స్. ఆఫీసు పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది.

1. రాజీనామాకు ముందే సొంత పాలసీ తీసుకోండి, షుగర్ సంగతి దాచకుండా రాయండి. ముందునుంచి ఉన్న జబ్బులకు 3 ఏళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ రాదు. ఆ గడువు జీతం వస్తుండగానే గడవాలి. అందరూ జారేది ఇక్కడే.

2. ప్రీమియం నెలకు 4 వేలనుకుంటే పెట్టుబడుల నుంచి తీయాల్సింది 39 వేలు, ఏడాదికి 4.68 లక్షలు. అంటే పెట్టుబడుల్లో 3.9 శాతం. నాకైతే కాస్త బిగుతే.

3. ఈలోగా శని, ఆదివారాల్లో ట్యూషన్లు మొదలుపెట్టండి. ఆరు నెలలు వరసగా 25 వేలు చేతికొస్తేనే రిజైన్ లెటర్. ఎండాకాలం సెలవుల్లో ఫీజులు రావు, అదీ చూసుకోండి.